మెట్రో మ్యాప్ చూసి దగ్గరి గేటు ఎంచుకోవడం ఎలా: హైదరాబాద్ మెట్రో ఉదాహరణగా

మెట్రోలో అరగంటలో వచ్చేసి, స్టేషన్ బయట పావుగంట తిరిగేవాళ్లు చాలామంది. వెళ్లాల్సిన చోటు కళ్లెదురుగానే, రోడ్డుకి అవతల కనిపిస్తూ ఉంటుంది. మధ్యలో మాత్రం నడుమెత్తు డివైడర్, దానిమీద ఇనప కంచె, రెండువైపులా ఆగని బళ్లు. దిగింది సరైన స్టేషనే, బయటికి వచ్చిందే తప్పు గేటు.

గేటు సంగతి స్టేషన్‌లో దిగాక ఆలోచించుకుందాం అనుకుంటే కుదరదు. వెనక జనం తోస్తుంటారు, బోర్డు ముందు నిలబడేంత తీరిక ఉండదు, అందరూ ఎటు పోతే మనమూ అటే పోతాం. ఇంటి దగ్గరో, రైల్లో కూర్చున్నాకో రెండు నిమిషాలు మ్యాప్ చూసుకుంటే ఈ పని ముందే అయిపోతుంది. ఎలాగో హైదరాబాద్ మెట్రోలోని గాంధీభవన్ స్టేషన్‌నీ, దాని పక్కనే ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌నీ తీసుకుని చూద్దాం. పద్ధతి వంటబడితే మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా, నాగోల్ నుంచి రాయదుర్గం దాకా దాదాపు ఎక్కడైనా పనికొస్తుంది. ఎక్కడ పనికిరాదో కూడా చెప్తాను.

ముందు స్టేషన్ ఎలా కట్టారో తెలియాలి

హైదరాబాద్ మెట్రోలో ఇప్పుడు నడుస్తున్న మూడు లైన్లూ పూర్తిగా ఎత్తు మీదే ఉన్నాయి, భూగర్భ స్టేషన్ ఒక్కటీ లేదు. చాలాచోట్ల రోడ్డు మధ్యలో డివైడర్ ఉన్న చోట పిల్లర్లు లేపి వాటి మీద పట్టాలు వేశారు. అందుకని స్టేషన్ కూడా రోడ్డు నడిమధ్యనే గాల్లో ఉంటుంది. కింద రోడ్డు, దానిపైన మొదటి అంతస్తులో కాన్‌కోర్స్, ఆపైన ప్లాట్‌ఫారాలు. టికెట్ కౌంటర్లు, తనిఖీ, కార్డు పెడితే తెరుచుకునే గేట్లు అన్నీ కాన్‌కోర్స్‌లోనే.

కాన్‌కోర్స్ నుంచి రోడ్డు మీదికి దిగే మెట్లదారులను ఇక్కడ ఆర్మ్‌లు అంటారు. రోడ్డుకి ఈ పక్క రెండు, ఆ పక్క రెండు, మొత్తం నాలుగు ఉండటం మామూలు. వాటికి ఎ, బి, సి, డి అని అక్షరాలు. మనం గేటు అన్నా, ఎగ్జిట్ అన్నా, స్టేషన్ సిబ్బంది ఆర్మ్ అన్నా అదే.

గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, రెండు ప్లాట్‌ఫారాల నుంచీ మెట్లు దిగితే వచ్చేది ఒకే కాన్‌కోర్స్‌కి. ఏ రైలు దిగినా, ఏ ప్లాట్‌ఫారం మీద దిగినా, కాన్‌కోర్స్‌కి వచ్చాక నాలుగు ఆర్మ్‌లలో మీకు కావలసినదాన్ని పట్టుకోవచ్చు. రోడ్డు దాటే పని పైనే, నీడలో, బళ్ల గొడవ లేకుండా అయిపోతుంది. ఒకసారి తప్పు ఆర్మ్ దిగిపోతే మాత్రం ఆ సౌకర్యం పోయినట్టే. మళ్లీ పైకెక్కాలి, లేదా రోడ్డు మీదే దాటాలి.

మూడు మ్యాపులు, మూడు పనులు

మెట్రో మ్యాప్ అనగానే గుర్తొచ్చేది రైల్లో తలుపు పైన అంటించి ఉండే రంగురంగుల గీతల బొమ్మ. ఎరుపు, నీలం, ఆకుపచ్చ గీతలు, వాటిమీద చుక్కలు. ఏ గేటు అన్నది ఇది ఒక్కటే చూసి తేల్చలేం. ఈ బొమ్మలో దూరాలు నిజం కావు, దిక్కులు నిజం కావు. స్టేషన్లు వరసలో సమానదూరంలో కనిపిస్తాయి, వంపులన్నీ సరిచేసేసి ఉంటాయి. అయినా దీంతో మనకి రెండు పనులున్నాయి. ఎక్కడ లైన్ మారాలో చెప్తుంది. అంతకంటే ముఖ్యంగా, దిగబోయే స్టేషన్‌లోకి మన రైలు ఎటు నుంచి వస్తుందో, అంటే ఏ చివరి స్టేషన్ వైపు పోతూ వస్తుందో చెప్తుంది. ఎడమ, కుడి లెక్క మొత్తం ఆ రెండో దాని మీదే ఆధారపడుతుంది.

రెండోది స్టేషన్ పరిసరాల మ్యాప్. కాన్‌కోర్స్ గోడమీద బోర్డులా పెడతారు. స్టేషన్ మధ్యలో పొడుగాటి పెట్టెలా, దాని నాలుగు మూలల్లో ఆర్మ్‌ల అక్షరాలు, చుట్టూ వీధులు, ఆస్పత్రులు, ఆఫీసులు. ఏ అక్షరం ఏ వైపో ఖాయంగా చెప్పేది ఇదే. మూడోది ఫోన్‌లోని మ్యాప్. వెళ్లాల్సిన చోటు ప్రధాన ద్వారం ఏ వీధిలో ఉందో, రోడ్డుకి ఏ పక్కన ఉందో ఇందులో చూడాలి.

ఫోన్‌లో పక్క తేల్చుకోవాలి, లైన్ బొమ్మలో దిశ తెలుసుకోవాలి, గోడమీద బోర్డులో అక్షరం పట్టుకోవాలి. ఈ వరసలో పోతే గందరగోళం ఉండదు.

మొదటి మెట్టు: చోటు కాదు, ద్వారం వెతకండి

చాలా తప్పులు ఇక్కడే మొదలవుతాయి. ఫోన్‌లో ఒక ఆస్పత్రి పేరో, కాలేజీ పేరో కొడితే ఎర్ర పిన్ను ఆ స్థలం మధ్యలో ఎక్కడో పడుతుంది. చిన్న షాపైతే ఫర్వాలేదు. ఎకరాలకొద్దీ ఉన్న ఆవరణ అయితే పిన్నుకీ, గేటుకీ మధ్య చాలా దూరం ఉండొచ్చు. పైగా పెద్ద ఆవరణలకి రెండుమూడు ద్వారాలుంటాయి, వాటిలో కొన్ని వెనక వీధిలోకి తెరుచుకుంటాయి.

నుమాయిష్ సంగతే చూడండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన ఈ ఎగ్జిబిషన్, 1946లో ఇప్పుడున్న నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కి మారింది. ఏటా జనవరి 1న మొదలై ఫిబ్రవరి మధ్య దాకా నడుస్తుంది. గ్రౌండ్స్‌కి గాంధీభవన్ గేటు, అజంతా గేటు, గోషామహల్ గేటు అని మూడు ద్వారాలు. గోషామహల్ గేటు వెనకవైపు. మెట్రోలో వచ్చేవాళ్లకి పనికొచ్చేవి మొదటి రెండే, ఎందుకంటే మెట్రో పోయే పెద్ద రోడ్డు వైపు ఉన్నవి అవే. ఎవరైనా "గోషామహల్ గేటు దగ్గర కలుద్దాం" అంటే ఆ మాటతోనే మీ నడక పెరిగిందని అర్థం. కలిసే చోటు మార్చుకోండి, గేటు వెతుక్కోవడం కంటే అది తేలిక.

కాబట్టి ఫోన్ మ్యాప్‌లో పేరు కొట్టాక పిన్నుని నమ్మి వదిలేయకండి. దగ్గరగా జూమ్ చేసి, ఏ వీధిలోకి ద్వారం ఉందో చూడండి. ఆ ద్వారం ముందు వేలు కాసేపు నొక్కి ఉంచితే కొత్త పిన్ను పడుతుంది. ఇక మీ గమ్యం ఆ కొత్త పిన్నే.

రెండో మెట్టు: రోడ్డుకి ఏ పక్క?

ఇప్పుడు ఫోన్ మ్యాప్‌లోనే మెట్రో లైన్ గీతని చూడండి. మామూలు స్టేషన్లలో ఆ గీత రోడ్డు మధ్యలోంచే పోతుంది. మీ పిన్ను ఆ గీతకి ఏ పక్కన ఉంది?

ఎడమ, కుడి అనేవి మనం ఎటు చూస్తున్నామన్న దాన్నిబట్టి మారిపోతాయి కాబట్టి ఒక ఆనవాలు కావాలి. రైలు పోయే దిశే ఆ ఆనవాలు. కూకట్‌పల్లి నుంచి నుమాయిష్‌కి వస్తున్నారనుకోండి. ఎరుపు లైన్ బొమ్మ తీస్తే కూకట్‌పల్లి మియాపూర్ చివర్లో ఉంది, గాంధీభవన్ ఆ లైన్‌లోనే ఎల్బీనగర్ వైపు ఉంది. లైన్ మారే పని లేదు. మీరు ఎక్కేది "ఎల్బీనగర్" అని బోర్డున్న రైలు. లక్డీకాపూల్, అసెంబ్లీ, నాంపల్లి దాటి గాంధీభవన్‌కి వస్తుంది.

ఫోన్ మ్యాప్‌ని రెండు వేళ్లతో తిప్పి, నాంపల్లి కిందకీ, ఉస్మానియా మెడికల్ కాలేజీ పైకీ వచ్చేలా పెట్టండి. ఇప్పుడు తెర మీద పైకి పోవడమంటే రైలు పోయే దిశలో పోవడమే. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ కుడిపక్కన పడింది చూశారా? గోషామహల్ కూడా అటే, కాబట్టి లెక్క సరిపోయింది. మీకు కావలసింది రైలు దిశకి కుడిపక్క ఆర్మ్.

మ్యాప్ తిప్పడం చిన్నపనే అయినా దాటేయకండి. ఫోన్ మ్యాప్‌లో ఉత్తరం పైన ఉంటుంది. మన రైలు అక్కడ దాదాపు ఆగ్నేయం వైపు, అంటే తెర మీద కిందకి పోతోంది. తిప్పకుండా చూస్తే గ్రౌండ్స్ గీతకి ఎడమపక్కన కనిపిస్తుంది. ఆ బొమ్మ చూసి "ఎడమ" అని మనసులో పెట్టుకుని రైలెక్కినవాళ్లు సరిగ్గా వ్యతిరేకం వైపు దిగుతారు.

ఇప్పుడు ప్లాట్‌ఫారం దగ్గర జరిగే తిరకాసు. మన దగ్గర మెట్రో రైళ్లు, రోడ్డు మీద బళ్లలాగే, ఎడమ ట్రాక్‌లో పోతాయి. హైదరాబాద్ స్టేషన్లలో ప్లాట్‌ఫారాలు పట్టాలకి బయటివైపు ఉంటాయి. కాబట్టి మామూలు స్టేషన్లో తలుపు ఎడమవైపు తెరుచుకుంటుంది, మీరు రోడ్డుకి ఎడమపక్కన ఉన్న ప్లాట్‌ఫారం మీద దిగుతారు. అక్కడ ఎదురుగా కనిపించే మెట్లు దిగి, కాన్‌కోర్స్‌లో కూడా అదే పక్కన నడుచుకుంటూ పోతే ఎడమ ఆర్మ్‌లోనే తేలతారు. ఎల్బీనగర్ రైల్లో వచ్చి నుమాయిష్‌కి పోయేవాళ్లకి అది తప్పు వైపు. కాన్‌కోర్స్‌లోనే అడ్డంగా నడిచి కుడిపక్కకి మారాలి.

దీన్నే సూత్రంలా పెట్టుకోవచ్చు: గమ్యం రైలు దిశకి ఎడమన ఉంటే దిగిన పక్కనే బయటికి, కుడిన ఉంటే కాన్‌కోర్స్ దాటి అవతలి పక్కకి.

అదే నుమాయిష్‌కి దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చేవాళ్ల సంగతి? వాళ్లది మియాపూర్ బోర్డున్న రైలు. గ్రౌండ్స్ వాళ్లకి ఎడమపక్క పడుతుంది. దిగిన పక్కనే కిందికి పోవచ్చు. మరి జేబీఎస్ నుంచి? ఆకుపచ్చ లైన్‌లో ఎంజీబీఎస్ దాకా వచ్చి, అక్కడ ఎరుపు లైన్ మారాలి. ఎంజీబీఎస్ నుంచి గాంధీభవన్ రావాలంటే ఎక్కాల్సింది మియాపూర్ రైలు, కాబట్టి వీళ్లకీ ఎడమే. నాగోల్ వాళ్లకి తమాషా: నీలం లైన్‌లో అమీర్‌పేట దాకా పోయి మారితే ఎల్బీనగర్ రైల్లో వస్తారు, గ్రౌండ్స్ కుడిన. పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగి, స్కైవాక్ మీదుగా ఆకుపచ్చ లైన్ పట్టుకుని ఎంజీబీఎస్‌లో మారితే ఎడమన. ఒకే ఇల్లు, ఒకే గమ్యం, దారి మారేసరికి పక్క మారిపోయింది. లెక్కలోకి వచ్చేది మీరు ఇంటి దగ్గర ఎక్కిన రైలు కాదు, చివర దిగిన రైలు.

ఆర్మ్ అక్షరం మాత్రం ఎటునుంచి వచ్చినా మారదు. అందుకే నలుగురు నాలుగు వైపుల నుంచి వస్తున్నప్పుడు వాట్సాప్‌లో "కుడివైపు దిగండి" అని రాయకండి. అక్షరం రాయండి.

మూడో మెట్టు: స్టేషన్‌కి ఏ చివర?

పక్క తేలితే సగానికి పైగా పని అయిపోయినట్టే. ఆ పక్కన ఇంకా రెండు ఆర్మ్‌లుంటాయి, ఒకటి రైలు వచ్చిన వైపు చివర, ఇంకోటి పోయే వైపు చివర. ఫోన్ మ్యాప్ ఇంకా తిప్పి ఉంచారు కదా, మీ పిన్ను స్టేషన్ పెట్టెకి పైచివర దగ్గరగా ఉందా, కిందిచివరా చూడండి. పైన ఉంటే రైలు ముందుకు పోయే వైపు, కింద ఉంటే వెనకవైపు.

ఇక్కడ మరీ పట్టింపు అక్కర్లేదు. ప్రస్తుతం మూడు బోగీల రైళ్లు నడుస్తున్నా, ప్లాట్‌ఫారాలు ఆరు బోగీలకి సరిపడా కట్టారు. అంటే స్టేషన్ పొడవు 130–140 మీటర్ల దాకా ఉంటుంది. తప్పు చివర దిగితే మహా అయితే అంత దూరం ఫుట్‌పాత్ మీద వెనక్కి నడవాలి, రెండు నిమిషాల పని. తప్పు పక్క దిగితే అలా కాదు. రోడ్డు దాటే సిగ్నల్ 250 మీటర్ల అవతల ఉందనుకోండి, పోవడం 250, దాటాక వెనక్కి రావడం మరో 250, సిగ్నల్ దగ్గర ఆగడం వేరే. ఏడెనిమిది నిమిషాలు పోతాయి. ఈ రెండు తప్పుల్లో ఏదో ఒకటి తప్పదంటే చివర తప్పినా ఫర్వాలేదు, పక్క తప్పకూడదు.

దీన్నిబట్టే "దగ్గరి గేటు" అంటే ఏమిటో కూడా అర్థమవుతుంది. మ్యాప్ మీద స్కేలు పెట్టి గీస్తే దగ్గర అనిపించేది కాదు, రోడ్డు మీద పాదాలు నడిచే దూరం తక్కువైనది. ఎదురుగా నలభై మీటర్ల దూరంలో డివైడర్ అవతల కనిపించే గమ్యం కంటే, ఇదే పక్కన నూట యాభై మీటర్ల దూరంలో ఉన్నదే దగ్గర.

ఫోన్‌లో నడక దారి అడిగినప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. స్టేషన్ పేరు ఇచ్చి దారి అడిగితే చాలాసార్లు అది స్టేషన్ మధ్య బిందువు నుంచి, అంటే రోడ్డు నడిమధ్య నుంచి లెక్క మొదలుపెడుతుంది. మీరేమో అక్కడి నుంచి నడవరు. అందుకని ఆర్మ్ మెట్లు నేలకి తగిలే చోట పిన్ను పెట్టి, అక్కడి నుంచి నడక దారి అడగండి. రెండు పక్కల ఆర్మ్‌ల దగ్గరా ఒక్కోసారి పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. గీత డివైడర్ మీదుగా పోతున్నట్టు కనిపిస్తే ఉపగ్రహ చిత్రం పెట్టి, అక్కడ నిజంగా సందు ఉందో లేదో చూసుకోండి. ఆ చిత్రంలో స్టేషన్ పైకప్పు రోడ్డు మీద పొడుగ్గా పరుచుకుని, దాని పక్కలకి మెట్లదారులు చేతుల్లా చాచుకుని కనిపిస్తాయి. ఆర్మ్ అన్న మాట ఎందుకు పెట్టారో అప్పుడు తెలుస్తుంది.

నాలుగో మెట్టు: అక్షరం పట్టుకోవడం

ఇప్పుడు మీ దగ్గర "ఎల్బీనగర్ రైలు దిశకి కుడిపక్క, ఫలానా చివర" అన్న సమాచారం ఉంది. దాన్ని ఒక అక్షరంగా మార్చాలి. ఒక స్టేషన్‌లో ఎ ఉన్న మూలే ఇంకో స్టేషన్‌లోనూ ఎ అవుతుందని ఊహించుకోకండి. ప్రతి స్టేషన్‌కీ విడిగా చూసుకోవాలి.

ఇంటి దగ్గరే తెలుసుకోవాలంటే రెండు దారులున్నాయి. ఒకటి గూగుల్ మ్యాప్స్‌లోని స్ట్రీట్ వ్యూ. 2022 నుంచి హైదరాబాద్‌కి ఇది అందుబాటులో ఉంది. స్టేషన్ కింద రోడ్డు మీద వదిలి చుట్టూ తిప్పితే ఆర్మ్ మొదట్లో ఉన్న బోర్డు కనిపిస్తుంది. అదృష్టం బాగుంటే అక్షరం చదవొచ్చు. ఫొటో పాతదై ఉండొచ్చు కాబట్టి మూలన ఉన్న నెల, సంవత్సరం చూడండి. రెండోది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. అందులో మెట్రో ద్వారాలను `railway=subway_entrance` అనే ట్యాగ్‌తో గుర్తిస్తారు, అక్షరాన్ని `ref` దగ్గర రాస్తారు. జనం స్వచ్ఛందంగా నింపే మ్యాప్ కాబట్టి కొన్ని స్టేషన్లకి నాలుగు అక్షరాలూ ఉంటాయి, కొన్నిటికి ఏమీ ఉండవు.

ఇవేవీ కుదరకపోతే కాన్‌కోర్స్‌లోని బోర్డే. దాన్ని చదవడంలో ఒక మెలిక ఉంది. ముందుగా "మీరు ఇక్కడ ఉన్నారు" గుర్తు, తర్వాత ఉత్తరం బాణం వెతకండి. బోర్డు పైభాగం ఎప్పుడూ ఉత్తరమే కానక్కర్లేదు. రోడ్డు అడ్డంగా పడేలా గీసిన బోర్డులు ఉంటాయి. అప్పుడు బోర్డులో పైన ఉన్నది మీ ముందర ఉండకపోవచ్చు. తేలిక పద్ధతి ఏమిటంటే, దిక్కులు వదిలేసి పక్క స్టేషన్ పేరు పట్టుకోవడం. మీ రైలు నాంపల్లి నుంచి వచ్చింది. బోర్డులో నాంపల్లి వైపు ఏది, ఎంజీబీఎస్ వైపు ఏది చూసి, నాంపల్లి నుంచి అటు పోతున్నట్టు ఊహించుకుంటే కుడి ఎటో వస్తుంది. ఆ పక్కన ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ పేరు కనబడాలి. కనబడితే మీ లెక్క నిజమే. ఆ పక్కన దగ్గర మూలలో ఉన్న అక్షరమే మీ ఆర్మ్.

మీ లెక్క ఒకటి చెప్పి బోర్డు ఇంకోటి చెప్తే బోర్డునే నమ్మండి. బోర్డులో మీ చోటు పేరు లేకపోతే దాని పక్కనే ఉన్న పెద్ద గుర్తు, ఒక ఆస్పత్రో బస్ స్టేషనో, వెతకండి. ఎంత చిన్న షాపైనా ఏదో ఒక పెద్దదాని పక్కనే ఉంటుంది కదా.

కార్డు పెట్టే ముందు ఒక్క క్షణం

బయటికి పోయే ఆటోమేటిక్ గేటు దగ్గర కార్డు పెట్టేముందు తలెత్తి వేలాడే బోర్డు చూడండి. ఆ గేటు దాటాక వచ్చే చోటు నుంచి ఏయే ఆర్మ్‌లకి పోవచ్చో బాణాలతో రాసి ఉంటుంది. అన్ని స్టేషన్లలో గేటు బయటి భాగం ఈ చివర నుంచి ఆ చివర దాకా కలిసే ఉంటుందని లేదు. మీ అక్షరం ఆ బోర్డులో లేకపోతే ఇంకో వైపు గేట్లు ఉన్నాయేమో చూసుకోండి. ఒకసారి దాటాక తిరిగి లోపలికి రావాలంటే మళ్లీ టికెట్ వ్యవహారం.

దాటాక తప్పు తెలిస్తే వెంటనే మెట్లు దిగకండి. కాన్‌కోర్స్ టికెట్ లేని భాగంలోంచి అవతలి పక్క ఆర్మ్‌కి పోయే వీలుందేమో అడగండి. చాలా స్టేషన్లను రోడ్డు దాటే వంతెనలాగా వాడుకోవచ్చు, రైలెక్కని వాళ్లు కూడా వాడుతుంటారు. కింద ట్రాఫిక్‌తో పందెం వేసేకంటే అది ఎంతో నయం.

దిగాక సరైన పక్కే వచ్చారో లేదో తెలుసుకోవడం సులువు. ఫుట్‌పాత్ మీద నిలబడి చూడండి. మీ పక్కనుంచి పోయే బళ్లు ఎటు పోతున్నాయి? మనం ఎడమవైపు నడిపే దేశం కాబట్టి, మీ రైలు పోయిన దిశలోనే బళ్లు పోతుంటే మీరు రైలుకి ఎడమపక్క ఉన్నట్టు. ఎదురు దిశలో వస్తుంటే కుడిపక్క. కూకట్‌పల్లి నుంచి నుమాయిష్‌కి వచ్చినవాళ్లకి దగ్గర వరసలోని బళ్లు నాంపల్లి వైపు పోతుండాలి. వన్‌వే పెట్టిన రోజుల్లో మాత్రం ఈ పరీక్ష చెల్లదు. నుమాయిష్ టైంలో అక్కడ ట్రాఫిక్ మళ్లింపులు మామూలే.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుంది

రోడ్డు మధ్యలో లేని స్టేషన్ దగ్గర ఎడమ, కుడి సూత్రం పనిచేయదు. ఎంజీబీఎస్ అలాంటిదే. మూసీ ఒడ్డున, బస్ స్టేషన్‌ని ఆనుకుని ఉంది, రెండు లైన్లు కలుస్తాయి. అక్కడ ఎక్కడ దిగినా నేరుగా బోర్డు చూసి, బస్ స్టేషన్ వైపు పోయే దారి పట్టుకోవడమే. అమీర్‌పేటలోనూ అంతే: రెండు లైన్ల ప్లాట్‌ఫారాలు వేర్వేరు అంతస్తుల్లో ఉంటాయి, రెండు మూడు సార్లు ఎస్కలేటర్ మలుపులు తిరిగేసరికి ఏది ఎటో మర్చిపోతాం. ఇలాంటిచోట కాన్‌కోర్స్‌కి వచ్చాక లెక్క మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.

భూగర్భ స్టేషన్లున్న ఊళ్లలో సంగతి వేరు. ఢిల్లీలో రాజీవ్ చౌక్ లాంటి చోట చుట్టూ కన్నాట్ ప్లేస్ వలయం, బయటేమీ కనిపించదు, రోడ్డుకి ఏ పక్క అన్న ప్రశ్నకే అర్థం ఉండదు. అక్కడ గేట్లకి అక్షరాలు కాదు, అంకెలు. అలాంటి స్టేషన్లలో ఫోన్ మ్యాప్‌లో గేటు అంకె దగ్గరే పిన్ను పెట్టుకుని, లోపల అంకెల బాణాలనే వెంబడించాలి. ఫోన్‌లోని దిక్సూచి కూడా ఇనుము, కరెంటు తీగల మధ్య తప్పు చూపించొచ్చు. నీలం చుక్క ఎటు చూపిస్తోందో దాన్ని నమ్ముకుని నడవకండి.

లిఫ్ట్ కావాలంటే లెక్క మారుతుంది

పెద్దవాళ్లు, చంటిపిల్లలు, పెద్ద సూట్‌కేసులు ఉంటే దగ్గరి ఆర్మ్ కంటే లిఫ్ట్ ఉన్న ఆర్మ్ ముఖ్యం. ప్రతి ఆర్మ్‌కీ లిఫ్ట్ ఉంటుందని అనుకోకండి. కొన్నిచోట్ల ఎస్కలేటర్ ఎక్కడానికే ఉంటుంది, దిగడానికి మెట్లే. పరిసరాల బోర్డులో ఆర్మ్ అక్షరం పక్కన లిఫ్ట్ గుర్తు ఉందో లేదో చూడండి. మీ పక్కన ఉన్న రెండు ఆర్మ్‌లలో దూరపు చివర లిఫ్ట్ ఉంటే అదే తీసుకోండి, ఇందాక చెప్పినట్టు చివర తప్పితే పోయేది రెండు నిమిషాలే. లిఫ్ట్ కోసం రోడ్డు అవతలి పక్క దిగాల్సి వస్తే మాత్రం అక్కడినుంచి ఎలా దాటతారో ముందే ఆలోచించుకోండి. కాన్‌కోర్స్‌లో ఉన్న సిబ్బందిని "ఫలానా ఆర్మ్‌లో లిఫ్ట్ నడుస్తోందా?" అని అడిగితే వెంటనే చెప్తారు. లిఫ్ట్ ఉందా అని కాకుండా నడుస్తోందా అని అడగడం మేలు.

తిరుగు ప్రయాణానికి ఇంత లెక్క అవసరం లేదు. నుమాయిష్ నుంచి బయటికి రాగానే రోడ్డు దాటకుండా అదే పక్కన కనిపించే ఆర్మ్ ఎక్కేయండి. కాన్‌కోర్స్‌కి వచ్చాక రెండు ప్లాట్‌ఫారాలకీ దారి ఉంటుంది, కూకట్‌పల్లి పోయేవాళ్లు మియాపూర్ అని రాసి ఉన్న బాణం పట్టుకుంటే చాలు. "మనం వెళ్లేది అవతలి రైలు కదా, అవతలి మెట్లు ఎక్కాలేమో" అని రోడ్డు దాటేవాళ్లు ప్రతి స్టేషన్ కిందా కనిపిస్తారు. ఆ పని పైన ఎలాగూ అయ్యేదే.